లిజనింగ్ టెస్టులో ప్రశ్నలు ఆడియో వరుసలోనే ఉండాలా?

తొలిగంట: తొమ్మిదో తరగతికి లిజనింగ్ టెస్టు స్క్రిప్టు రాస్తున్నాను. మూడు నిమిషాల ఆడియో, ఆరు ప్రశ్నలు, ఒక్కసారే వినిపిస్తాను. ప్రశ్నలన్నీ ఆడియో వరుసలోనే పెడితే పిల్లలు అర్థం చేసుకోకుండా మాటలు ఏరుకుని రాసేస్తారేమో. వరుస మార్చేస్తే మంచిదా?

నల్లబల్ల: మార్చేయండి. వరుసలో పెడితే మూడో జవాబు రెండోదానికీ నాలుగోదానికీ మధ్యే వస్తుందని ముందే చెప్పేసినట్టు. బయట ఎవరూ మన ప్రశ్నల వరుసలో మాట్లాడరు కదా.

రికార్డింగ్ గది: నల్లబల్ల గారన్నట్టు అది సాయమే, కానీ కావాలని చేసే సాయం. చదివే పాఠమైతే వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు, ఆడియో ఆగదు. ప్రశ్నలు తారుమారుగా ఉంటే ప్రతి వాక్యానికీ పిల్లలు ఆరింటినీ కళ్లతో వెతకాలి. ఆ వెతుకులాటలో తర్వాతి వాక్యం చెవిన పడదు. తప్పు రాసింది అర్థం కాకనా, కాగితం మీద ప్రశ్న దొరకకనా అన్నది ఇక మీకు తెలియదు. ఐఈఎల్‌టీఎస్‌లో 40 ప్రశ్నలకూ ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. అక్కడ కూడా ప్రశ్నలు ఆడియో వరుసలోనే నడుస్తాయి.

మాటలు ఏరుకోవడానికి కారణం వరుస కాదు. ప్రశ్నలో ఉన్న మాటలే ఆడియోలోనూ ఉండటం. టీచరు ఇలా చెబుతున్నారనుకోండి:

"మ్యూజియం తొమ్మిదిన్నరకే తెరుస్తారు. కానీ మన గైడు వచ్చేది పదింటికి, అప్పటికి అందరూ అక్కడుంటే చాలు. కలుసుకునేది గేటు దగ్గర కాదు, వెనక మెట్ల దగ్గర."

"మ్యూజియం ఎన్నింటికి తెరుస్తారు?" అని అడిగితే విన్నది దించేస్తారు. "విద్యార్థులు ఎప్పటికల్లా చేరుకోవాలి?" అని అడగండి. ముందు వినపడిన తొమ్మిదిన్నరను వదిలేసి పది రాయాలంటే అర్థం కావాల్సిందే.

అయితే ఈ స్క్రిప్టులో ఒక లోపం ఉంది. రెండో ప్రశ్న "ఎక్కడ కలుసుకోవాలి?" అయితే, పిల్లలు "పది" అని రాస్తుండగానే మెట్లు దాటిపోతాయి. మధ్యలో పది పన్నెండు సెకన్లు ఏ జవాబూ లేని మాటలు ఉండాలి. గైడు ఏమేం చూపిస్తారో రెండు వాక్యాల్లో చెప్పించండి. పదాలు లెక్కపెట్టడం కన్నా, మామూలు వేగంతో పైకి చదివి స్టాప్‌వాచ్‌తో చూసుకోవడం నయం.

పాత హెడ్‌ఫోన్: నేను టోఫెల్ రాసినప్పుడు ఆడియో అయ్యాకే ప్రశ్నలు కనిపించాయి. వరుస గురించి ఎవరూ పట్టించుకోలేదు. మీరెందుకింత తల బద్దలు కొట్టుకుంటున్నారో!

రికార్డింగ్ గది: అది వేరే పద్ధతి. అక్కడ వింటూ నోట్సు రాసుకోనిస్తారు, ప్రశ్నలు ముందు చూపించరు. తొలిగంట గారు ప్రశ్నలు ముందే చేతికిస్తున్నారనుకుంటాను. అందుకే వరుస అంత ముఖ్యం.

తొలిగంట: అవునండీ, ముందే ఇస్తాను. మరి విరామాలు? జవాబు రాగానే ఐదు సెకన్లు ఆపుదామనుకున్నాను, రాసుకుంటారని.

రికార్డింగ్ గది: అలా ఆపకండి. మాట ఆగిందంటే జవాబు ఇప్పుడే వెళ్లిందని పిల్లలు పసిగట్టేస్తారు. మాటల్ని ఆగకుండా సాగనివ్వండి, రాసుకునే సమయం నేను చెప్పిన జవాబు లేని వాక్యాల్లోంచే రావాలి. ఆడియోకు ముందు ప్రశ్నలు చదువుకోవడానికి 40 సెకన్లు, చివర సరిచూసుకోవడానికి 30 సెకన్లు ఇవ్వండి. నెమ్మదిగా చదివే ఒకరితో చదివించి చూసి, చాలకపోతే పెంచండి. ఈ నిశ్శబ్దాలు కూడా ఆడియో ఫైలులోనే రికార్డు కావాలి. టీచరు చేత్తో ఆపితే ఒక్కో సెక్షనుకు ఒక్కోలా అవుతుంది.

ముందు మరో తరగతిలో ఒకసారి పెట్టి చూడండి. రెండోది రాసినవాళ్లు చాలామంది మూడోది వదిలేసి, నాలుగోది సరిగ్గా రాస్తే రెండు జవాబులు మరీ దగ్గర పడ్డాయన్నమాట. నాలుగు నుంచి చివరిదాకా ఖాళీగా వదిలారంటే దారి తప్పారు. అప్పుడు స్క్రిప్టులో "ఇక టికెట్ల సంగతి" లాంటి మలుపు పెట్టి, ఆ ప్రశ్నలోనూ టికెట్ల ప్రస్తావన తెండి. దారి తప్పినవాళ్లు అక్కడ మళ్లీ అందుకుంటారు.

నల్లబల్ల: టైము, చోటు లాంటి వివరాలకు ఒప్పుకుంటాను. కానీ "టీచరు ముఖ్యంగా దేని గురించి హెచ్చరిస్తున్నారు?" అని అడిగితే జవాబు ఒక్క చోట ఉండదు. దాన్ని ఏ వరుసలో పెడతారు?

రికార్డింగ్ గది: నేనైతే చివర్లో పెడతాను, మొత్తం విన్నాకే తేలుతుంది కాబట్టి.

నల్లబల్ల: నేనైతే మొదట. ముందే తెలిస్తే దాన్ని మనసులో పెట్టుకుని వింటారు. చివర్లో పెడితే అప్పటికి సగం మరిచిపోతారు, అది వినే పరీక్ష కాక జ్ఞాపకశక్తి పరీక్షే అవుతుంది.

రికార్డింగ్ గది: ఆ మాటలో బలముంది. కానీ ప్రశ్నలన్నీ ముందే చదువుతారు కదా, చివరున్నా మనసులో ఉంటుంది. మొదటే పెడితే దాని జవాబు ఆడియో మొదట్లోనే వస్తుందనుకుని ఎదురుచూస్తారు.

తొలిగంట: రెండు సెక్షన్లున్నాయి. ఆ ఒక్క ప్రశ్నను ఒకదానికి మొదట, ఇంకోదానికి చివర పెట్టి చూస్తాను. మిగతా ఐదూ వరుసలోనే ఉంచుతాను.