సమస్య: పావుగంట లేటు పాప మగునె

నిర్వాహకురాలు: నిన్న మా ఇంటికి భోజనానికి వస్తానన్న తమ్ముడు దారిలోంచి ఏడు మెసేజీలు పెట్టాడు, ఏడింటిలోనూ సారీలే, ఎన్నింటికి వస్తాడో ఒక్కదాంట్లోనూ లేదు. అందుకే ఈ పాదం ఇస్తున్నా. మెసేజ్‌లాగా పూరించండి.

కందుకూరు శీను:
తప్పు తప్పు తప్పు తలవంచి మొక్కెద
బస్సు రాక నేను బాధ పడితి
కోపపడకు మామ కొంచె మాలస్యము
పావుగంట లేటు పాప మగునె

కావలి మాస్టారు: గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి శీనూ. కానీ మూడు తప్పులు ఒప్పుకున్నాక పాపమా అని అడిగితే అతకదు. పైగా అన్ని సారీలు చదివిన మామ పొయ్యి దగ్గర నిలబడి "పర్లేదులే అబ్బాయా" అని జవాబు కొట్టాలి, అది ఇంకో పని. ఆయనకి కావాల్సిన టైమేమో "కొంచెం" కింద దాగిపోయింది. నాది చూడు, ఒంగోల్లో అక్కకి:

టంగుటూరు దాటి డాబాల దగ్గర
నున్న బస్సులోన నుంటి నిపుడు
ఒంటిగంట పావు కొచ్చెద వడ్డించు
పావుగంట లేటు పాప మగునె

కందుకూరు శీను: మాస్టారూ, "ఒచ్చెద" ఏంటండీ? "వచ్చెద" అని రాస్తే యతి పోతుందనేగా! పోయిన నెల చేపల పులుసు సమస్యలో నేను "ఒండి" అని రాస్తే మీరు కొట్టేశారు. ఇంకోటి, కారణం చెప్పకపోతే లెక్కలేనితనం అనుకోరా?

కావలి మాస్టారు: పులుసు పద్యంలో నీకు గణం కూడా తప్పింది, అందుకు కొట్టేశా. కారణం ఒక్క మాట చాలు, "బస్సు లేటు" అని. అసలు కష్టమంతా ఆ పావుకి లెక్క కట్టడంలో ఉంది. బస్సు ఒంటిగంటా అయిదుకి స్టాండులో దించుద్ది, ఆటోకి పది నిమిషాలు. గుమ్మం దాకా లెక్కేశా. చాలామంది బస్టాండు టైమే చెప్పి రెండోసారి లేటవుతారు. పన్నెండూ నలభైకే పంపాలి, ఒంటిగంట దాటాక పంపితే అక్క అప్పటికే ఎదురుచూస్తా ఉంటుంది. "వడ్డించు" అన్నది అందుకే, మిగతావాళ్ళని ఆపకుండా.

ఉలవపాడు పెద్దమ్మ: మా అల్లుడు "దార్లో ఉండా" అంటాడు, అప్పటికి ఇంకా చెప్పులే వేసుకోడు! ఊరి పేరు రాస్తే నమ్ముతా. కానీ నా చేతులు పిండిలో ఉంటాయి, ఫోన్ తెరవలేను. పైన కనపడే రెండు ముక్కల్లోనే టైం ఉండాలి. మాస్టారు మూడో పాదంలో పెట్టారే!

నిర్వాహకురాలు: పెద్దమ్మ పట్టింది నిజం. వచనంలో అయితే నేనిలా పంపుతా: "అక్కా, ఒంటిగంట పావుకొస్తా. టంగుటూరు దాటా, బస్సు లేటు. అందరికీ వడ్డించెయ్."

కందుకూరు శీను: సారీ అసలే లేదే! ఒక్కటైనా ఉండాలి.

కావలి మాస్టారు: గుమ్మంలో చెప్తా. టైం మొదటి పాదంలోకి తెచ్చి రాత్రికి మళ్ళీ రాస్తా, పెద్దమ్మ కోసం.

కందుకూరు శీను: "ఒచ్చెద" సంగతి?