“కొత్తపేట దగ్గర తెగినది” అని రాయొచ్చా?

పద్మజ, అమలాపురం
అందరికీ నమస్కారమండి. మా ఆఫీసు నుంచి రాజమండ్రికి ఒక ప్రొవైడర్ ఈథర్‌నెట్ లింక్ ఉంది. దారిలో కొత్తపేట, రావులపాలెం, జొన్నాడల్లో వాళ్ల స్విచ్‌లు ఉన్నాయి. ఈమధ్య లింక్ పోతే, దారిలో ఏయే స్విచ్ జవాబిస్తుందో చూసే లింక్‌ట్రేస్ పరీక్ష పెట్టి చూశామని చెప్పి “లైన్ కొత్తపేట దగ్గర తెగినది” అని కాగితం మీద రాసిచ్చారు. దాన్ని నమ్మి కొత్తపేట నుంచి రావులపాలెం వైపు రోడ్డు పక్కన గోతులు తీశారు. కేబుల్ శుభ్రంగా ఉంది. తీరా చూస్తే తెగింది రావులపాలెం దాటాక, గౌతమి వంతెనకి ఎక్కే చోట. మా సిబ్బంది రిజిస్టర్ కోసం తెలుగులో నమూనా వాక్యాలు రాస్తున్నాను. ఈ సంగతి ఎలా రాస్తే చదివినవాళ్లు తప్పు చోట తవ్వకుండా ఉంటారు?

మూర్తి, కాకినాడ
అమ్మా, “తెగినది” అనేది కళ్లారా చూసినవాడు అనాల్సిన మాట. ఊహించి చెప్పేటప్పుడు మనవాళ్లు “తెగినట్టుంది” అంటారు. “కొత్తపేట తర్వాత ఎక్కడో తెగినట్టుంది” అని రాసి ఉంటే సరిపోయేది.

నాగబాబు, రాజోలు
మా ఇంట్లో నెట్ ఆగినప్పుడల్లా నేను ట్రేస్‌రూట్ కొడతానండి. మూడో వరస నుంచి చుక్కలే వస్తాయి. అంటే తెగింది మూడో చోటనే కదా? ఇదీ అదే కదండి?

కిషోర్, భీమవరం
అదే అన్నా. లింక్‌ట్రేస్‌లో ఆఖరున జవాబిచ్చిన స్విచ్‌కి, దాని తర్వాతి స్విచ్‌కి మధ్య తెగినట్టు. సూత్రం అంతే. కాబట్టి కొత్తపేటే ఆఖరున పలికితే కొత్తపేట–రావులపాలెం మధ్య అని రాయడంలో తప్పేం లేదు. పరికరమే అబద్ధం చెప్పింది.

వెంకటరావు, రావులపాలెం
నాగబాబు గారూ, మీది వేరండి. మీరు కొట్టే ట్రేస్‌రూట్ రౌటర్లని లెక్కపెడుతుంది. అమలాపురం నుంచి రాజమండ్రి దాకా ఉన్న స్విచ్‌లన్నీ దానికి ఒక్క అంగ. మధ్యలో కొత్తపేట ఉందని కూడా దానికి తెలియదు. పైగా చాలా రౌటర్లు బాగున్నా జవాబివ్వవు, అందుకే ఆ చుక్కలు.

కిషోర్ తమ్ముడూ, సగం సరిగానే చెప్పావు. కానీ పరికరం అబద్ధం చెప్పలేదు. ఆ రోజు ఏం జరిగి ఉంటుందో వరసగా చూడు.

మామూలు రోజుల్లో రెండు చివర్లూ ఒకదానికొకటి “ఉన్నాను” అని సీసీఎం ఫ్రేములు పంపుకుంటూ ఉంటాయి. సెకనుకొకటి అనుకో. మూడున్నర సెకన్ల పాటు రాకపోతే అలారం. అది లింక్ పోయిందని చెబుతుంది, ఎక్కడో చెప్పదు. అప్పుడు అమలాపురం నుంచి లింక్‌ట్రేస్ పంపుతాం. దాన్ని అందుకున్న ప్రతి స్విచ్చీ “రాజమండ్రి చివర నాకు ఏ పోర్టులో కనపడింది?” అని, ఏ మ్యాక్ చిరునామా ఏ పోర్టు వైపు ఉందో రాసుకున్న తన మ్యాక్ పట్టికలో వెతుక్కుంటుంది. పోర్టు దొరికితే జవాబిచ్చి ముందుకి పంపుతుంది. దొరక్కపోతే నోరెత్తదు. కిటుకంతా ఇక్కడే ఉంది.

వంతెన దగ్గర తెగగానే రావులపాలెం స్విచ్‌లో జొన్నాడ వైపు పోర్టు పడిపోయింది. పోర్టు పడితే దాని మీద నేర్చుకున్న మ్యాక్‌లన్నీ చెరిగిపోతాయి. కాబట్టి లింక్‌ట్రేస్ రావులపాలెం దాకా చేరినా, రాజమండ్రి ఎటో దానికి తెలియదు, అందుకని ఊరుకుంది. కొత్తపేటకి తెగిన సంగతి తెలియదు కాబట్టి దాని పట్టికలో ఇంకా ఉంది, అది జవాబిచ్చింది. ఆఖరి జవాబు కొత్తపేటది, తెగింది రావులపాలెం అవతల. ఒక మెట్టు ముందే ఆగినట్టు కనపడుతుంది.

ఇంకో అయిదు నిమిషాలు ఆగి పెట్టి ఉంటే కొత్తపేట కూడా పలికేది కాదు. మ్యాక్ పట్టికలో మామూలుగా 300 సెకన్లకి పాతవి చెరిగిపోతాయి. అప్పుడు అమలాపురంలోనే తెగిందని రాసేవాళ్లు!

కిషోర్, భీమవరం
మరి లింక్‌ట్రేస్ ఎందుకన్నా, తెగినప్పుడే పనికిరాకపోతే?

వెంకటరావు, రావులపాలెం
పనికొస్తుంది. కొన్ని స్విచ్‌లు దారిన పోయే సీసీఎంలని చూసి వేరే పట్టికలో రాసుకుంటాయి. అది కనీసం ఒక రోజు పాటు నిలబడాలని ప్రమాణం చెబుతుంది. ఆ పట్టిక ఉండుంటే రావులపాలెం కూడా జవాబిచ్చేది. స్క్రీన్ మీద ఆ వరసలో `RlyMPDB` అనీ, బయటికెళ్లే పోర్టు దగ్గర `EgrDown` అనీ కనపడేది. `EgrDown` కనపడిందంటే ఇక ఊహ అక్కర్లేదు, ఆ పోర్టే పడింది. అన్నిట్లో `RlyFDB` అనే ఉంటే మాత్రం మ్యాక్ పట్టిక చూసి చెప్పినట్టే, ఆఖరి జవాబుని అనుమానించాలి.

నేనైతే లింక్ బాగున్న రోజునే లింక్‌ట్రేస్ తీసి, దారిలోని స్విచ్‌ల మ్యాక్‌లు దాచుకుంటాను. తెగినప్పుడు ఒక్కో మ్యాక్‌కీ “వినపడిందా?” అని అడిగే లూప్‌బ్యాక్ పంపుతాను. అది మామూలు ఫ్రేములా పోతుంది. పట్టికలో లేకపోయినా అన్ని పోర్టుల్లోంచీ వెళ్తుంది కాబట్టి దారి బతికున్నంత మేరా చేరుతుంది. అమలాపురం నుంచి రావులపాలెం పలికింది, జొన్నాడ పలకలేదు. రాజమండ్రి నుంచి జొన్నాడ పలికింది, రావులపాలెం పలకలేదు. రెండు వైపుల నుంచీ చూశాకే “మధ్య” అనే మాట వాడాలి. ఆ మధ్యలో ఎన్నో మీటరు దగ్గర అనేది ఇది చెప్పదు, దానికి ఫైబర్‌లోకి వెలుగు పంపి దూరం కొలిచే ఓటీడీఆర్ పెట్టాల్సిందే. అది చెప్పేది కూడా ఫైబర్ పొడుగు. చాంబర్లలో చుట్టలు చుట్టి ఉంచుతారు కాబట్టి రోడ్డు మీద కొలిస్తే దూరం తక్కువే వస్తుంది.

పద్మజ, అమలాపురం
ఇప్పుడు అర్థమైందండి. ఇవన్నీ మా ఆఫీసు డబ్బాలోంచి మేమే చూసుకోవచ్చా?

వెంకటరావు, రావులపాలెం
మామూలుగా కుదరదమ్మా. ఈ పరీక్షల ఫ్రేములకి 0 నుంచి 7 దాకా అంతస్తులు ఉంటాయి. 5, 6, 7 వాడుకదారులకి, 3, 4 ప్రొవైడర్‌కి అనేది వాడుక. మీ ఫ్రేములు పై అంతస్తులో వాళ్ల స్విచ్‌లని దాటిపోతాయి, అవి పట్టించుకోవు. మీ అంతస్తులో పలికే చోట్లు పెట్టమని ప్రొవైడర్‌ని అడగొచ్చు. ఒప్పుకుంటే వాళ్ల లోపలి దారి మీకు కనపడుతుంది, అందుకే చాలామంది ఒప్పుకోరు.

మూర్తి, కాకినాడ
అయితే నా “కొత్తపేట తర్వాత తెగినట్టుంది” కూడా తవ్వించేదే! “కొత్తపేట దాకా పలికింది” అంటే? ఫోన్ పలకట్లేదు అంటాం కదా, జనానికి అలవాటైన మాటే.

వెంకటరావు, రావులపాలెం
మాట బాగుంది మాస్టారూ. కానీ “దాకా” అంటే అక్కడితో ఆగిపోయిందని ధ్వనిస్తుంది. రావులపాలెం కూడా బతికే ఉంది కదా, పలకలేదంతే. “కొత్తపేట పలికింది, రావులపాలెం పలకలేదు” అని రెండూ విడివిడిగా రాయాలంటాను.

మూర్తి, కాకినాడ
“పలకలేదు” అన్నా చదివినవాడు “చచ్చింది” అనే అనుకుంటాడు. నాకు “దాకా”యే నయమనిపిస్తోంది.

కిషోర్, భీమవరం
ఇంకో చిక్కు. ఫైబర్ రెండు పోగుల్లో ఒకటే పోతే? అటు మాట ఇటు వస్తుంది, ఇటు మాట అటు పోదు. దాన్ని “తెగింది” అనాలా?

వెంకటరావు, రావులపాలెం
అప్పుడు రాజమండ్రి నుంచి సీసీఎం వస్తూనే ఉంటుంది, అందులో ఆర్‌డీఐ బిట్ వెలిగి ఉంటుంది. “మీ మాట నాకు వినపడట్లేదు” అని అటు చివర చెబుతున్నట్టు. రిజిస్టర్‌లో దానికి వేరే వరస పెట్టండి, తెగిన లెక్కలో కలపొద్దు. పద్మజ గారూ, ప్రతి వాక్యంలో ఎక్కడి నుంచి పెట్టారో, అలారం వచ్చిన ఎన్ని నిమిషాలకి పెట్టారో కూడా రాయించండి.

పద్మజ, అమలాపురం
ఇలా రాస్తున్నాను: “అలారం వచ్చిన 3 నిమిషాలకి అమలాపురం నుంచి లింక్‌ట్రేస్: కొత్తపేట పలికింది, రావులపాలెం పలకలేదు. లూప్‌బ్యాక్: రావులపాలెం పలికింది, జొన్నాడ పలకలేదు. రాజమండ్రి నుంచి ఇంకా చూడలేదు.” మాస్టారి “దాకా” సంగతి ఇంకా తేల్చుకోలేదండి.