పాత హెల్మెట్ అమ్మాలి, ప్రకటనలో ఏం రాయాలి?

వరంగల్ రైడర్
ఫుల్ ఫేస్ హెల్మెట్ అమ్మేద్దామనుకుంటున్నా. 2022లో కొన్నది. ఇలా పెట్టాను: "ఐఎస్ఐ మార్కు, ఎల్ సైజు, కొత్తదానిలా ఉంది, పక్కన చిన్న గీత, 900 రూపాయలు." ఇద్దరు అడిగారు. ఫోటోలు పంపాక ఇద్దరూ మళ్లీ పలకలేదు. ఎక్కడ తేడా కొట్టింది?

గోదారి గట్టు
ఆ గీత దగ్గరే. ఒక్కసారి కింద పడ్డ హెల్మెట్ ఇక పనికిరాదు తమ్ముడూ. చెత్తలో పారెయ్.

వరంగల్ రైడర్
అన్నా, పార్కింగ్‌లో సీటు మీంచి జారిపడింది. యాక్సిడెంట్ కాదు.

హెల్మెట్ షాపు బాబాయి
పదకొండేళ్లు కౌంటర్‌లో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. దెబ్బను తట్టుకునేది లోపలి థర్మోకోల్. తల లోపలుండగా గుద్దుకుంటే, తల బరువుకి ఆ థర్మోకోల్ నలుగుతుంది. నలిగిందంటే మళ్లీ లేవదు. రెండో దెబ్బకి అక్కడ నలగడానికి ఇంకేం మిగలదు. పైన పెయింట్ చెక్కుచెదరకపోయినా లోపల ఇది జరిగి ఉండొచ్చు. ఖాళీ హెల్మెట్ సీటు ఎత్తు నుంచి పడితే లోపల నొక్కే తల లేదు, మామూలుగా ఏం కాదు. కానీ కొనేవాడికి ఈ తేడా ఎలా తెలుస్తుంది? "చిన్న గీత" అని వదిలేస్తే యాక్సిడెంట్ బండి దాస్తున్నట్టే ఉంటుంది. ఎలా పడిందో, ఎంత ఎత్తు నుంచో, తల లోపల ఉందో లేదో రాయి.

ఇంకోటి. స్టిక్కర్ మీద తయారీ నెల, సంవత్సరం ఉందేమో చూసి చెప్పు.

వరంగల్ రైడర్
చూశాను బాబాయ్. మార్చి 2020! నేను కొనేలోపు షాపులోనే రెండేళ్లు కూర్చుందన్నమాట.

హెల్మెట్ షాపు బాబాయి
"మూడేళ్లది" అని మాత్రం రాయకు, రెండు తేదీలూ రాయి. ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని నంబరు ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేనిది అమ్మకూడదు, అందుకే దొంగ స్టిక్కర్లకు కొదవ లేదు. ఆ సీఎం/ఎల్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో వస్తుంది. హెల్మెట్ మీదున్న పేరు, యాప్‌లో పేరు ఒకటేనా చూడు. నంబరు కనిపించేలా దగ్గర్నుంచి ఫోటో పెట్టు.

శ్రీలత
అండీ, మా బాబుకి ఆరేళ్లు. ఎల్ సైజు కింద ఉన్ని టోపీ పెడితే సరిపోతుందా?

హెల్మెట్ షాపు బాబాయి
వద్దమ్మా. టోపీ మీద అది తిరిగిపోతుంది. పిల్లల సైజు వేరే ఉంటుంది, తల కొలిచి తీసుకోండి.

మిర్చి బజ్జీ
సైజు సంగతి నేను చెప్తా. ఎల్ అంటే దాదాపు 59–60 సెంటీమీటర్ల తల, కానీ అది కొత్తగా ఉన్నప్పటి లెక్క. రోజూ నూనె రాసుకునే తల నాది. ఏడాదిన్నరకే బుగ్గల దగ్గర స్పాంజ్ చప్పబడి, తల అడ్డంగా ఊపితే హెల్మెట్ ఒకవైపు, ముఖం ఒకవైపు! మీది పెట్టుకుని గడ్డం దగ్గర పట్టుకుని తిప్పి చూడండి. బుగ్గల చర్మం కూడా లాగాలి. లాగకపోతే "ప్యాడింగ్ వదులైంది" అని రాయాలి. కొత్త ప్యాడ్లు వేస్తే మళ్లీ కొత్తదే.

హెల్మెట్ షాపు బాబాయి
ప్యాడ్లు కొత్తవవుతాయి, థర్మోకోల్ అవదు. బటన్లు ఊడదీసి ప్యాడ్లు బయటికి తీయి, లోపల వేలితో తడిమి చూడు.

వరంగల్ రైడర్
తీశాను. గీత ఉన్న వైపు బాగానే ఉంది. కానీ రెండో వైపు, చెవికి కాస్త పైన, బొటనవేలు పట్టేంత గుంట! ఇన్నాళ్లూ హెల్మెట్‌ను బండి అద్దానికే తగిలించేవాణ్ని. అద్దం కొసే గుచ్చుకున్నట్టుంది.

గోదారి గట్టు
నేను ముందే చెప్పానా? పారెయ్.

మిర్చి బజ్జీ
అంత గుంటకే పారేస్తారా? గుంట ఫోటో పెట్టి 300కి ఇచ్చేయండి, కొనేవాడు చూసే కొంటాడు.

హెల్మెట్ షాపు బాబాయి
నేనైతే అమ్మను. అక్కడ థర్మోకోల్ అంత మేర పలచబడింది. దానికితోడు తయారై ఐదేళ్లు. అయిదేళ్లకు హెల్మెట్ మార్చాలనే లెక్క తయారీ నుంచా, వాడకం మొదలైనప్పటి నుంచా అని మా షాపులోనే రోజూ గొడవ. గుంట విషయంలో మాత్రం గొడవ లేదు.

వరంగల్ రైడర్
సరే, ప్రకటన తీసేశాను.

మిర్చి బజ్జీ
వైజర్ బాగుంటే అదొక్కటీ ఇస్తారా? ఏ మోడల్ మీది?