సమస్యాపూరణం: స్వాగతము పల్కకున్ననె సభకు శోభ

పర్లాకిమిడి మాస్టారు (నిర్వాహకుడు): ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం, గిడుగు రామమూర్తి గారి జయంతి కూడా. మా బడి ఆటల పోటీలు ఆ రోజే. వచ్చే తల్లిదండ్రుల్లో తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవాళ్లంతా ఉంటారు. ఈ పాదంతో తేటగీతి పూరించండి.

రాయగడ కుర్రాడు: నా మొదటి పాదం చూడండి.
ముఖ్య అతిథులు వచ్చిరి మైకు మోగె

బరంపురం పంతులుగారు: గణాలు సరిపోయాయి, యతి తప్పింది బాబూ.

రాయగడ కుర్రాడు: మకారానికి మకారం వేశాను కదండీ?

బరంపురం పంతులుగారు: హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. 'ము'కి 'మై' చెల్లదు. 'వచ్చిరి మూగె జనము' అను, సరిపోతుంది.

జయపురం అమ్మ: నా పూరణ:
పిల్ల లాటకు దిగువేళ బెదరు తల్లి
దారి తెలియక గేటులో తడబడు తరి
ఇటకు రండని పిలువక యెట్లు గలుగు
స్వాగతము పల్కకున్ననె సభకు శోభ

బరంపురం పంతులుగారు: గేటు దగ్గర తల్లి కళ్ల ముందు నిలిచిందమ్మా. అయితే 'ఎట్లు' అని ప్రశ్న వేశాక 'ఉన్ననె'లో నొక్కు అడ్డం పడుతోంది.

జయపురం అమ్మ: నాకలా అనిపించలేదండీ. ఆ నొక్కుతోనే ప్రశ్నకు బలం.

గుణుపురం టీచరు:
ఎండ నిలిచిన పిల్లల కెన్ని పేర్లు
చదువుదురు? చాలు! గ్లాసెడు చల్ల నిచ్చి
చేయి పట్టుక కుర్చీకి చేర్చు డదియె
స్వాగతము, పల్కకున్ననె సభకు శోభ

బరంపురం పంతులుగారు: భేష్! 'అదియె స్వాగతము' దగ్గర విరుపు పెట్టి సమస్యను విప్పేశారు.

సిరొంచ నుంచి ఒక తల్లి: పద్యం నాకు రాదు, యాంకరింగ్ స్క్రిప్టు ఉంటే ఇవ్వండి. పోయినేడు మా బాబు బడిలో వేదిక మీద అతిథుల పేర్లు చదువుతూనే ఉన్నారు. అవతల ట్రాక్ దగ్గర సారు నోటితో పిలిచిన పిలుపు మైకు హోరులో వినపడక వాడి వంద మీటర్ల పరుగు పోయింది. బూట్ల లేసులు కట్టుకుని కూర్చునే ఉన్నాడు.

గుణుపురం టీచరు: అందుకేనమ్మా నా పద్యం. కానీ చల్ల ఇచ్చి ఊరుకుంటే పరుగు ఎప్పుడో తెలియదు, ఆ మాట మైకులో చెప్పాల్సిందే. నేను ఇంతే చెబుతాను, స్వాగతం మాత్రం ఒడియాలో కూడా: "అందరికీ స్వాగతం. సమస్తంకు స్వాగత. పెద్దలు షామియానా కింద కూర్చోండి, మంచినీళ్లు మీ ఎడమ పక్కన. ముందు మార్చ్‌పాస్ట్, జెండా, ప్రతిజ్ఞ. వెంటనే ఆరో తరగతి వంద మీటర్లు. ఆ పిల్లలు ఇప్పుడే తెల్ల జెండా దగ్గరికి వెళ్లండి." అతిథుల పేర్లు బహుమతులు ఇచ్చేటప్పుడు ఒక్కొక్కటే చదువుతాం. పిల్లలు వరుసలో నిలబడ్డాక మాత్రం ఉపన్యాసం పెట్టం.

రాయగడ కుర్రాడు: సవరలో స్వాగతం ఎవరు చెబుతారు?

పర్లాకిమిడి మాస్టారు: మా ఏడో తరగతి పిల్లవాడి నాయనమ్మని అడిగాను. మైకు పట్టుకోనంది. గేటు దగ్గర నిలబడి పలకరిస్తానంది.