చూడి ఆవును కొన్నాం, రక్తపరీక్ష నెగెటివ్: ఎన్నాళ్లు విడిగా కట్టాలి?

కొత్తపాక: నిన్న రెండు ఆవుల్ని తెచ్చాం. ఒకటి పాలిస్తోంది, రెండోది ఏడో నెల చూడి. మా మందలో ఎనిమిది ఉన్నాయి, వాటిలో మూడు చూడివి. చూడి ఆవుకి ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా రోగం లేదని నెల కిందటి చీటీ కూడా ఇచ్చారు. రెండింటినీ వేరే పాకలో కట్టాను. పదిహేను రోజులు చాలా?

పచ్చిమేత: ఇరవై ఒక్క రోజులు అన్నా. నేనెప్పుడూ అంతే. వచ్చిన రోజే నట్టల మందు తాగించి, గాలికుంటు టీకా వేయించి, 21 రోజులయ్యాక కలిపేయ్. చీటీ ఉందిగా, బ్రూసెల్లా బెంగ అక్కర్లేదు.

పశువైద్యుడు_రిటైర్డ్: గాలికుంటుకి 21 రోజులు సరిపోతాయి. సోకితే రెండు వారాల్లోపే బయటపడుతుంది. లంపీ చర్మవ్యాధికి నాలుగు వారాలు చూడాలి కాబట్టి నేను నెల చెబుతాను. ఆ నెలంతా పొద్దున్నే జ్వరం చూసి పుస్తకంలో రాయండి. 101.5 డిగ్రీల దగ్గరుంటే మామూలే, 103 దాటితే డాక్టరుకి చూపించాలి. చాలాసార్లు మేత మానేముందే జ్వరం వస్తుంది. అందుకే వచ్చిన రోజే టీకా వద్దంటాను. అది టీకా జ్వరమో రోగమో తేల్చుకోలేం. వారం రోజులు జ్వరం లేదని చూసుకుని వేయించండి.

బ్రూసెల్లా మాత్రం ఈ లెక్కకి లొంగదు. అది నెలల తరబడి లోపలే ఉంటుంది. ఈనే ముందూ వెనకా కొన్ని వారాలు రక్తంలోని యాంటీబాడీలు జున్నుపాలలోకి దిగిపోతాయి. అప్పుడు రక్తం తీస్తే రోగం ఉన్నా నెగెటివ్ రావచ్చు. మీ ఆవు రక్తం ఆరో నెలలో తీశారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. కానీ తర్వాత సోకి ఉంటే ఆ చీటీ చెప్పలేదు. ఇప్పుడొకసారి, ఈనిన మూడు నాలుగు వారాలకి ఇంకోసారి తీయించండి.

మేకలమంద: మేకలక్కూడా ఇంతేనా డాక్టరుగారూ? నేను నాలుగు తెచ్చి విడిగానే కట్టాను, ఐదో రోజు ముక్కు కారింది, ఆరో రోజు పారుడు పట్టింది. మూడు పోయాయి. విడిగా కట్టినా నీళ్లు పెట్టే బకెట్ ఒకటే. పాత మేకలకీ అంటింది.

పశువైద్యుడు_రిటైర్డ్: అది పీపీఆర్ అనే మేకల అంటురోగంలా ఉంది. ఇక్కడ అడిగింది ఆవుల గురించి, కానీ మీ బకెట్ మాట అందరికీ పనికొస్తుంది. పాత మంద పని ముగించాకే కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. బకెట్, తాడు, చెప్పులు వేరుగా ఉండాలి.

కొత్తపాక: తొమ్మిదో రోజు. జ్వరం లేదు. పాలావుకి పొదుగువాపు తెలిపే సీఎంటీ పరీక్ష చేశాను. మొదటి నాలుగు ధారలు పారబోసి, ఒక్కో రొమ్ము పాలు ఒక్కో గిన్నెలో పట్టి, అంతే మందు కలిపి తిప్పాను. మూడు నీళ్లలా ఉన్నాయి. ఎడమ వెనక రొమ్ముది గుడ్డు తెల్లసొనలా సాగి గిన్నెకి అంటుకుంది. పొదుగు వాపు లేదు, పాలు చూడ్డానికి బాగానే ఉన్నాయి.

పశువైద్యుడు_రిటైర్డ్: లోపల పొదుగువాపు ఉందన్నమాట. మందేదీ వేయకముందే ఆ రొమ్ము పాలు శుభ్రమైన సీసాలో పట్టి, ఏ క్రిమో తేలేలా కల్చర్‌కి పంపండి. చేతుల ద్వారా ఆవు నుంచి ఆవుకి పాకే రకమైతే, నెల గడిచినా చివర్లోనే పిండాలి.

పచ్చిమేత: సీఎంటీ సంగతి ఒప్పుకుంటా, నేనెప్పుడూ చెయ్యలేదు. కానీ చూడి ఆవుని ఈనేదాకా, ఆపైన ఇంకో నెల వేరుగా మేపడం ఎవరి వల్ల అవుతుంది? పైగా దానికి పోయిన ఈత మంచిగానే అయిందట.

పశువైద్యుడు_రిటైర్డ్: మంచిగా ఈనిందంటే రోగం లేనట్టు కాదు. సోకిన ఆవు చాలావరకు ఒక్కసారే ఈసుకుపోతుంది, తర్వాత మామూలుగా ఈనుతూనే మాయలో, మైలలో క్రిమిని వదులుతుంది. ఇప్పటి పరీక్ష బాగుంటే నెల తర్వాత మందతో మేపుకోవచ్చు. ఈనే రెండు వారాల ముందు మాత్రం మళ్లీ వేరు చేయండి. చేతికి తొడుగు లేకుండా మాయ ముట్టుకోవద్దు, మనుషులకీ అంటుతుంది. కుక్కలకి దొరక్కుండా సున్నం వేసి లోతుగా పాతండి.

నాలుగుపాడి: నేనైతే రెండో పరీక్ష వచ్చేదాకా కలపను. మందలో మూడు చూడివి ఉన్నాయి కదా. నెలలు నిండకుండా ఈసుకుపోతే ఆ నేలని మిగతావి నాకేస్తాయి, వేరు చేసే వ్యవధి ఉండదు.

పశువైద్యుడు_రిటైర్డ్: ఆ భయం నిజమే. చోటుంటే మీ పద్ధతే మంచిది.

కొత్తపాక: చోటుంది, కానీ కొత్త పాక మురుగు కాలువ పాతవి నీళ్లు తాగే తొట్టి పక్కగా పోతుంది. రేపు దాన్ని మళ్లించి, రక్తం తీయిస్తాను. ఫలితం రాగానే ఇక్కడే రాస్తా.