అప్‌డేట్: అక్కకు ప్రమోషన్ వచ్చింది, అభినందనలు చెప్పేశాను

నా పాత ప్రశ్న: "ఆఫీసులో నాతో పనిచేసే అక్కా నేనూ ఒకే పోస్టుకు అప్లై చేశాం, అక్కకు వచ్చింది. మనసులో ఏదీ పెట్టుకోకుండా ఎట్లా చెప్పాలి?"

ఆ రాత్రి ఒక మెసేజ్ టైప్ చేశాను. "నాకు రాకపోయినా మీకు వచ్చినందుకు సంతోషం" అని. చదువుకుంటే ముందు సగం నా గోడే! తీసేశాను. గ్రూపులో అందరితోపాటు ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకోవడం కూడా నచ్చలేదు.

పొద్దున జనం రాకముందే ఆమె టేబుల్ దగ్గరికి పోయి, "అక్కా, కంగ్రాట్స్. మార్చిలో లెక్క తేలనప్పుడు రాత్రి తొమ్మిది దాకా కూర్చొని వోచర్లన్నీ మళ్లీ సరిచూశారు కదా, ఈ పోస్టు మీకే రావాల్సింది" అన్నాను. అంతే, రెండు వాక్యాలు. ఆ వోచర్ల మాట నిజం కాబట్టి గొంతు తడబడలేదు. నిజంగా మెచ్చుకోదగ్గది గుర్తు రాకపోతే ఒట్టి కంగ్రాట్స్‌తో ఆపడమే మేలు.

ఇబ్బంది తర్వాత వచ్చింది. "నువ్వూ అప్లై చేశావు కదప్పా, బాధ లేదా?" అని ఆమే అడిగింది. లేదంటే అబద్ధం. "కొంచెం ఉందక్కా, అది నాది. మీ సంతోషం మీది" అన్నాను. ఆమె నవ్వి, టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ తినిపించింది. మిరపకాయ బజ్జీ కారానికి ఇద్దరికీ కళ్లలో నీళ్లు!

నాకెందుకు రాలేదో మేనేజర్ సార్‌ను వారం ఆగి విడిగా అడిగాను. ఆడిట్ పని నేర్చుకోమన్నారు. అది నేర్పేది ఇప్పుడు అక్కే.