టాపెంటడాల్ మానడానికి బ్యుప్రెనార్ఫిన్: మందా, మరో మత్తా?

కాజీపేట అక్క
మా తమ్ముడు నడుము నొప్పికని మొదలుపెట్టిన టాపెంటడాల్ మాత్రలు రోజుకు పది దాకా మింగే స్థితికి వచ్చాడు. నిన్న ఒక చికిత్సా కేంద్రంలో నాలుక కింద బ్యుప్రెనార్ఫిన్ పెట్టారు. గంట తిరగకముందే వాంతులు, చలి, కాళ్లు పీకడం, ఒకటే ఏడుపు. మాత్ర పెట్టకముందు ఇంత బాధ లేదు. మందు వికటించిందా? పైగా ఇదీ నల్లమందు జాతిదేనట. కొనసాగించాలా, మానిపించాలా?

పరకాల పంతులు
మానిపించండి. మా బంధువుల అబ్బాయిని పది రోజులు గదిలో ఉంచి, గంజి, మజ్జిగ పోసి నిలబెట్టాం. ఏ మాత్రా వాడలేదు. దొంగను పట్టుకోవడానికి ఇంకో దొంగను కాపలా పెట్టడం ఎక్కడి వైద్యం?

మందుల షాపు, వరంగల్
పంతులు గారూ, 2018లో ఇలాంటి నొప్పి మందే అయిన ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చిన తరువాత మా కౌంటరు దగ్గర టాపెంటడాల్ అడిగేవాళ్లు ఎంత పెరిగారో నేను చూశాను. మజ్జిగతో తేలే వ్యవహారం కాదు. అక్కా, మీ తమ్ముడికి ఇచ్చింది నాలోక్సోన్ కలిపిన మాత్ర అయి ఉంటుంది. నాలోక్సోన్ ఒపియాయిడ్లకు, అంటే నల్లమందు జాతి మందులకు, విరుగుడు, ఆ బాధంతా దానివల్లే. నాలోక్సోన్ లేని మాత్ర రాయమనండి. భయం మాత్రం వద్దు. బ్యుప్రెనార్ఫిన్‌కు సీలింగ్ ఉంది, ఎన్ని వేసుకున్నా ప్రాణానికి ముప్పు లేదు.

విశ్రాంత నర్సు, హనుమకొండ
షాపు తమ్ముడు చెప్పినదానిలో సగమే సరి. మిగతా సగం ఇబ్బంది తెచ్చిపెట్టేది. దాని సంగతి తరువాత చెబుతాను. అమ్మా, ముందు ఒక్కటి కనుక్కోండి. చివరి టాపెంటడాల్ నిజంగా ఎప్పుడు వేసుకున్నాడు? డాక్టరుకు చెప్పినది కాదు, నిజంగా ఎప్పుడు?

కాజీపేట అక్క
ముందు రోజు మధ్యాహ్నం అని డాక్టరుకు చెప్పాడు. ఇప్పుడు గట్టిగా అడిగితే, భయమేసి తెల్లవారుజామున ఐదింటికి మూడు మాత్రలు వేసుకున్నానన్నాడు. కేంద్రంలో మాత్ర పెట్టింది తొమ్మిదికి.

విశ్రాంత నర్సు, హనుమకొండ
అనుకున్నాను. మందు వికటించలేదు, వేళ తప్పింది.

ఒపియాయిడ్లన్నీ మెదడులో ఒకే రకం రిసెప్టర్ల మీద, అంటే మందు అతుక్కుని పనిచేసే చోట్ల మీద, కూర్చుంటాయి. బ్యుప్రెనార్ఫిన్‌కు అక్కడ పట్టు చాలా ఎక్కువ. టాపెంటడాల్‌నే కాదు, మార్ఫిన్‌ను కూడా పక్కకు నెట్టి తాను కూర్చోగలదు. అయితే కూర్చున్నాక అది చేసే పని మాత్రం తక్కువ, రిసెప్టర్‌ను పూర్తిగా కాకుండా కొంతవరకే ఉత్తేజపరుస్తుంది. ఐదింటికి వేసుకున్న మూడు మాత్రలు తొమ్మిదికి మీ తమ్ముడి ఒంట్లో ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. బ్యుప్రెనార్ఫిన్ వచ్చి వాటిని తోసేసింది. పెద్ద ప్రభావం ఉన్నచోట ఒక్కసారిగా చిన్న ప్రభావం మిగిలింది. ఆ తేడాను శరీరం, అలవాటైన మందు ఆగినప్పుడు వచ్చే బాధగా, అంటే విత్‌డ్రాయల్‌గా అనుభవించింది.

అదే మాత్రను సాయంత్రం దాకా ఆగి, ఒంట్లో టాపెంటడాల్ దాదాపు అయిపోయాక పెట్టి ఉంటే కథ వేరు. అప్పటికి రిసెప్టర్లు ఖాళీగా ఉంటాయి. ఖాళీ చోట చిన్న ప్రభావం చేరినా అది ఉపశమనమే. కనీసం పన్నెండు గంటలు ఆగమని చెబుతారు, కానీ మేము వార్డులో గడియారాన్ని మాత్రమే నమ్మేవాళ్లం కాదు. కనుపాపలు పెద్దవయ్యాయా, ఆవలింతలు వస్తున్నాయా, ముక్కు కారుతోందా, ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా, నాడి ఎంత కొట్టుకుంటోంది, ఇవన్నీ చూసి మార్కులు వేసేవాళ్లం. పేషెంటు అబద్ధం చెప్పవచ్చు, కనుపాప చెప్పదు.

మామూలు విత్‌డ్రాయల్ గంటల తరబడి మెల్లగా ఎక్కుతుంది, మాత్ర పెట్టాక తగ్గుతుంది. మాత్ర వల్ల వచ్చినది, పెట్టిన అరగంట నుంచి గంటన్నరలోపు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మీరు చెప్పింది ఈ రెండోదే. చాలావరకు ఒక రోజులో సర్దుకుంటుంది. ఆ బాధలో మళ్లీ టాపెంటడాల్ మింగితే ఉపయోగం ఉండదు, బ్యుప్రెనార్ఫిన్ చోటు ఖాళీ చేయదు. ఉపశమనం రాలేదని ఇంకా ఇంకా మింగడమే ప్రమాదం.

ఇక నాలోక్సోన్ విషయం. నాలుక కింద పెడితే అది రక్తంలోకి చేరేది నామమాత్రం. మాత్రను కరిగించి సూదితో ఎక్కించుకునేవాళ్లను ఆపడానికే దాన్ని కలిపారు. నాలోక్సోన్ లేని మాత్ర ఇచ్చినా నిన్న జరిగిందే జరిగేది.

ములుగు రోడ్డు కోడలు
అందరికీ నమస్కారం. మా అత్తగారికి వెన్నునొప్పికి బ్యుప్రెనార్ఫిన్ ప్యాచ్ వేశారు, ఏడు రోజులకొకటి. ఇది మత్తు మాన్పించే మందని ఇక్కడ చూసి గుండె జారింది. ఆమెకు ఏ అలవాటూ లేదు. ప్యాచ్ తీసేయనా?

విశ్రాంత నర్సు, హనుమకొండ
తీయవద్దమ్మా. ప్యాచ్ మీద 5 మైక్రోగ్రాములు అని ఉంటే అది గంటకు వదిలే మోతాదు. రోజు మొత్తం కలిపినా 120 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో ఎనిమిదో వంతు కూడా కాదు. అలవాటు చికిత్సలో వాడేది రోజుకు 8 మిల్లీగ్రాములు, 16 మిల్లీగ్రాములు. నాలుక కింద పెట్టినదానిలో మూడో వంతు కూడా ఒంటికి పట్టదు, అయినా లెక్కలో ఎంతో తేడా. ప్యాచ్ మోతాదులో అది మంచి నొప్పి మందే. దాని మీద వేడి కాపడం మాత్రం పెట్టకండి, మందు ఎక్కువగా లోపలికి పోతుంది.

మందుల షాపు, వరంగల్
నాలోక్సోన్ విషయం ఒప్పుకుంటాను మేడం. కానీ సీలింగ్ మాట నేను కల్పించింది కాదు.

విశ్రాంత నర్సు, హనుమకొండ
సీలింగ్ నిజమే. ఎక్కడిదాకా నిజం అన్నదే ప్రశ్న. మార్ఫిన్, హెరాయిన్ మోతాదు పెంచుతూ పోతే ఊపిరి తగ్గుతూ తగ్గుతూ చివరికి ఆగిపోతుంది. బ్యుప్రెనార్ఫిన్ కొంత మోతాదు దాటాక, ఎంత పెంచినా ఊపిరిని అంతకంటే పెద్దగా తగ్గించదు. మెదడు స్కానింగ్‌తో చేసిన ఒక పరిశోధనలో 2 మిల్లీగ్రాములకు రిసెప్టర్లలో 40 శాతం దాకా, 16కు 80 శాతం, 32కు 84 శాతం నిండినట్టు తేలింది. మోతాదు రెట్టింపు చేస్తే పెరిగింది నాలుగు శాతం. రిసెప్టర్లు నిండిన తరువాత కూడా ఒక్కోదాని దగ్గర పని సగంసగమే. టాపెంటడాల్ పది వేసుకునేవాడు పదకొండోదాని కోసం వెతుకుతాడు, బ్యుప్రెనార్ఫిన్‌లో ఆ ఆశకు చోటు తక్కువ.

అయితే ఈ రక్షణ ఒపియాయిడ్లకు అలవాటుపడిన పెద్దవాళ్లకు, ఆ మందు ఒక్కటే వాడినప్పుడు. ఇంట్లో చిన్నపిల్లాడు ఒక మాత్ర నోట్లో పెట్టుకుంటే సీలింగ్ కాపాడుతుందని కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇక మద్యం, నిద్రమాత్రలు తోడైతే ఆ హద్దు చెరిగిపోతుంది. ఫ్రాన్స్‌లో 1996 నుంచి మామూలు డాక్టర్లు కూడా బ్యుప్రెనార్ఫిన్ రాయడం మొదలయ్యాక హెరాయిన్ చావులు బాగా తగ్గాయి. కానీ బ్యుప్రెనార్ఫిన్‌తో పోయినవాళ్లూ ఉన్నారు, వాళ్లలో చాలామంది ఒంట్లో నిద్రమాత్రలు దొరికాయి.

కాజీపేట అక్క
నిద్రమాత్రలు వాడడు. సాయంత్రం ఊళ్లో రెండు సీసాల కల్లు మాత్రం ఉంటుంది. కల్లుతో ఏమీ కాదు కదా?

విశ్రాంత నర్సు, హనుమకొండ
ఇదే ముందు చెప్పవలసిన మాట అమ్మా. చెట్టు నుంచి దింపిన కల్లయితే అది మద్యం కిందే లెక్క. కానీ మన వైపు, ముఖ్యంగా నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల్లో కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి పట్టుబడిన కేసులు ఎన్నో. సీసాలో ఎంత కలిపారో అమ్మేవాడికే తెలియదు. నేను పైన చెప్పిన నిద్రమాత్ర అదే, మీ తమ్ముడు దాన్ని కల్లు అనుకుని తాగుతున్నాడేమో. బ్యుప్రెనార్ఫిన్ వేసుకున్న రోజు అది తాగి పడుకుంటే గురక మారిందా, పెదవులు నీలంగా ఉన్నాయా, పిలిస్తే లేస్తున్నాడా చూసుకోవాలి. లేవకపోతే తెల్లవారేదాకా ఆగవద్దు. ఇంకో సంగతి, బ్యుప్రెనార్ఫిన్ రిసెప్టర్లను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి విరుగుడు ఇంజెక్షన్ ఒక డోసుతో చాలకపోవచ్చు. ఏం వేసుకున్నాడో ఆసుపత్రిలో దాచకుండా చెప్పాలి.

అలాగని కల్లు రేపే పూర్తిగా కట్టించకండి. కల్తీ కల్లుకు అలవాటుపడినవాడు ఒక్కసారిగా మానితే ఫిట్స్ వస్తాయి, మనుషులను గుర్తుపట్టని స్థితి వస్తుంది. దానికి బ్యుప్రెనార్ఫిన్ పనిచేయదు, అది వేరే చికిత్స. డాక్టరుకు రెండూ చెప్పండి.

పరకాల పంతులు
మీ పరిజ్ఞానానికి నమస్కారం అమ్మా. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఈ మాత్ర ఆపితే మళ్లీ ఒళ్లు నొప్పులు, విత్‌డ్రాయల్ వస్తాయా రావా? వస్తే అది అలవాటు కాక మరేమిటి?

విశ్రాంత నర్సు, హనుమకొండ
వస్తాయి. శరీరం దాని మీద ఆధారపడుతుంది, కాదనను. కానీ రోజంతా ఒంట్లో నిలిచే మందు కాబట్టి పొద్దున ఒకసారి వేసుకుంటే ఎక్కడమూ దిగడమూ ఉండదు. మనిషి పనికి వెళ్తాడు, జీతం ఇంటికి వస్తుంది. మాత్రల కోసం అప్పులు, అబద్ధాలు ఉండవు. నేను అలవాటు అని పిలిచేది వాటిని. మీ బంధువుల అబ్బాయి నిలబడ్డాడంటే సంతోషమే. పది రోజులు మానినవాడికి పాత మోతాదును తట్టుకునే శక్తి మాత్రం పోతుంది. తరువాత ఎప్పుడైనా జారి పాత లెక్కనే వేసుకుంటే ప్రాణం పోయేది అప్పుడే.

2011లో అమెరికాలో నొప్పి మాత్రలకు అలవాటుపడిన 653 మందిపై చేసిన అధ్యయనం వెలువడింది. రెండు వారాలు బ్యుప్రెనార్ఫిన్ ఇచ్చి, మరో రెండు వారాల్లో తగ్గించి ఆపేస్తే నిలబడినవాళ్లు నూటికి ఏడుగురు కూడా లేరు. మళ్లీ మొదలుపెట్టి పన్నెండు వారాలు ఇస్తే దాదాపు సగం మంది నిలబడ్డారు. ఆపిన ఎనిమిది వారాలకు చూస్తే తొమ్మిది శాతం దగ్గరికి పడిపోయారు.

పరకాల పంతులు
అయితే జన్మంతా వేసుకోవాలన్నమాట. నా మాటే నిజమైంది.

మందుల షాపు, వరంగల్
అదే అధ్యయనంలోని వాళ్లను మూడున్నరేళ్ల తరువాత మళ్లీ పలకరించారు పంతులు గారూ, ఇది నేను చదివాను. దొరికినవాళ్లలో దాదాపు మూడో వంతు ఏ మందూ లేకుండానే బాగున్నారు. ఇంకో మూడో వంతు దాకా మందు మీద ఉండి బాగున్నారు. మీ లెక్కా తప్పుతుంది, మేడం లెక్కా పూర్తి కాదు.

విశ్రాంత నర్సు, హనుమకొండ
అది సరైన మాట. ఎవరు మానగలరో ముందే చెప్పే పరీక్ష లేదు, ఎన్నేళ్లు వాడాలనే దాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. నేను చూసినంతలో ఒక్కటి చెబుతాను. 16 నుంచి 8కి దించినప్పుడు చాలామంది పెద్దగా కష్టపడరు. 2 నుంచి సున్నాకు దించేటప్పుడే పారిపోతారు. పైన చెప్పిన శాతాలు చూస్తే కారణం తెలుస్తుంది, ఆ చివరి 2 మిల్లీగ్రాములే 40 శాతం రిసెప్టర్లను పట్టుకుని ఉన్నాయి. అందుకే అక్కడ 0.4, 0.2 మిల్లీగ్రాముల చిన్న మాత్రలతో నెలల తరబడి తగ్గించాలి. తొందరపడే కుటుంబాలు ఆ చివరి మెట్టు దగ్గరే తొందరపడతాయి.

కాజీపేట అక్క
తమ్ముడు ఇప్పుడు లేచి టీ తాగాడు. సాయంత్రం మళ్లీ కేంద్రానికి తీసుకువెళ్తున్నాను. కల్లు సంగతి డాక్టరుకు తానే చెబుతానన్నాడు. చెప్పకపోతే నేను చెబుతాను.

పరకాల పంతులు
తీసుకువెళ్లండి. మాత్ర విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఆ కల్లు దుకాణం మీద మాత్రం ఎక్సైజు వాళ్లకు ఫిర్యాదు పెట్టండి, కావాలంటే నేను రాసిస్తాను.